‘ద మీటింగ్ ఈజ్ పోస్ట్‌పోన్డ్ యెస్టర్‌డే’: ఇందులో తప్పు ఎక్కడుంది?

బైరాగిపట్టెడ

తిరుపతిలో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో ఇంగ్లీషు లెటర్లు టైప్ చేసేది నేనే. చెన్నైలో ఉండే క్లయింటుకు పోయిన మెయిల్లో ఈ మూడు వాక్యాలు ఉన్నాయి.

‘ద సైట్ మీటింగ్ ఈజ్ పోస్ట్‌పోన్డ్ యెస్టర్‌డే డ్యూ టు రెయిన్. ద రివైజ్డ్ ఎస్టిమేట్ హ్యాజ్ బీన్ గాట్ అప్రూవ్డ్ బై అవర్ సైట్ ఇంజనీర్. ద న్యూ డేట్ విల్ బి ఇంటిమేట్ సూన్.’

అవతలి నుంచి రెండు ప్రశ్నలు వచ్చినాయి. మీటింగును నిన్నే వాయిదా వేసినారా, ఈరోజు వేస్తున్నారా? ఎస్టిమేటును అప్రూవ్ చేసింది మీ సైట్ ఇంజనీరా, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఈఈ గారా? నేను చెప్పదలచుకున్నది చిన్న విషయమే. వర్షం వల్ల మీటింగు నిన్న వాయిదా పడింది. ఈఈ గారి దగ్గర మా ఇంజనీరు ఎస్టిమేటు అప్రూవ్ చేయించుకొచ్చినాడు. ప్యాసివ్ అంటే ‘బి’ ఫామ్ పెట్టి పక్కన వీ త్రీ పెట్టాలని చదువుకున్నాం కదా, రెండూ పెట్టినాను. మరి ఎక్కడ తప్పిందో చెప్పండి.

పుత్తూరు శీను

చాలా సింపుల్ అన్నా. యెస్టర్‌డే ఉంటే ‘వాజ్’, లేకుంటే ‘హ్యాజ్ బీన్’. ‘ఈజ్’ పెట్టి వీ త్రీ రాసేది రోజూ జరిగే పనులకు మాత్రమే, ‘మిల్క్ ఈజ్ డెలివర్డ్ ఎవ్రీ డే’ మాదిరి. అయిపోయిన పనికి ‘ఈజ్’ ఎక్కడా రాదు. రెండో వాక్యంలో ‘గాట్’ తీసేయండి, సరిపోతుంది.

కాణిపాకం రోడ్

ముందు యాక్టివ్‌లో రాసుకుని తర్వాత మార్చండి బ్రదర్. సబ్జెక్టును చివరికి తోయాలి, ఆబ్జెక్టును ముందుకు తేవాలి, ‘బై’ తప్పకుండా పెట్టాలి. ‘ద మీటింగ్ వాజ్ పోస్ట్‌పోన్డ్ బై అజ్ యెస్టర్‌డే.’ పరీక్షలో ‘బై’ వదిలేస్తే మార్కు పోతుంది. మీ వాక్యంలో అదే లేదు.

సుద్దముక్క

కాణిపాకం రోడ్ గారూ, ఆయన అడిగింది పరీక్ష గురించి కాదండీ, పంపాల్సిన లెటర్ గురించి. పిల్లలు సబ్జెక్టును గుర్తుపట్టినారో లేదో చూడటానికి పరీక్షలో ‘బై’ అడుగుతారు. లెటర్లో, చేసినవాళ్లు ఎవరో చెప్పే అవసరం లేనప్పుడు ఎక్కువగా ప్యాసివ్ వాడతాం. మీటింగును ఎవరు వాయిదా వేసినారన్నది ఇక్కడ విషయం కాదు, వర్షం పడింది అంతే. ‘బై అజ్’ పెడితే మనమే మానేసినట్టు వినిపిస్తుంది.

శీనూ, నీ మాటలో సగం సరిగ్గా ఉంది. యెస్టర్‌డే ఉంటే ‘వాజ్’ అన్నది నిజం. కానీ అయిపోయిన పనికి ‘ఈజ్’ రాదన్నది నిలవదు. బ్యాంకు తలుపు మీద ‘ద బ్యాంక్ ఈజ్ క్లోజ్డ్’ అని బోర్డు వేలాడుతుంటుంది. అది రోజూ జరిగే పని గురించి చెప్పడం లేదు, మూసే పని అయిపోయి ఇప్పుడు మూసి ఉందని చెబుతోంది. అట్లనే నోటీసు బోర్డులో ‘ద మీటింగ్ ఈజ్ పోస్ట్‌పోన్డ్ టు ఫ్రైడే’ అని ఉంటే అది తప్పు కాదు. ఇప్పుడు మీటింగు ఏ స్థితిలో ఉందో చెబుతోంది.

ఆ వాక్యం పక్కన యెస్టర్‌డే చేరినప్పుడు దెబ్బతింటుంది. ‘ఈజ్’ ఇప్పటి స్థితిని చూపిస్తుంది, యెస్టర్‌డే నిన్న జరిగిన పనిని చూపిస్తుంది. రెండూ ఒకే వాక్యంలో ఉంటే చదివేవాడికి ఏది నమ్మాలో తెలియదు. మీకు చెన్నై నుంచి వచ్చిన మొదటి ప్రశ్న సరిగ్గా అదే.

ఇంక రెండోది. ‘గాట్’ ఒక్కటీ తీసేస్తే ఏమవుతుందో చూడండి: ‘ద రివైజ్డ్ ఎస్టిమేట్ హ్యాజ్ బీన్ అప్రూవ్డ్ బై అవర్ సైట్ ఇంజనీర్.’ గ్రామర్ చక్కగా ఉంది, విషయం అబద్ధమైపోయింది. కాంట్రాక్టరు మనిషే తన ఎస్టిమేటును అప్రూవ్ చేసుకున్నట్టు చదువుకుంటారు. బిల్లు దగ్గరికి వచ్చేసరికి ఇది చాలా పెద్ద తేడా.

పుత్తూరు శీను

అవును మేడమ్, ‘బై’ తర్వాత ఎవరున్నారో నేను చూసుకోలేదు. మరి మనవాళ్లకు ‘ఈజ్’ ఎందుకు అంత అలవాటుగా వస్తుంది? మా బ్యాచ్‌లో పది మందికి వాజ్ తెలుసు, అయినా రాసేటప్పుడు ‘ఈజ్’ అనే రాస్తారు.

అలిపిరి మెట్లు

నేను రెండు భాషల మధ్య అనువాదం చేసే పనిలో ఉన్నాను. నాకు కనిపించిన కారణం చెబుతాను.

మనం ఆఫీసులో మాట్లాడే తెలుగులో ‘మీటింగ్ పోస్ట్‌పోన్ అయింది’ అంటాం. ఈ ‘అయింది’ అనే ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. ‘నిన్న పోస్ట్‌పోన్ అయింది’ అంటే జరిగిన సంగతి. ‘పోండి పోండి, మీటింగ్ పోస్ట్‌పోన్ అయింది’ అంటే ఇప్పటి పరిస్థితి. తెలుగులో రెండింటికీ అదే క్రియ చాలు, నిన్న అనే మాట చేరినా క్రియ మారదు. ఇంగ్లీషులో ఆ ఒక్క ‘అయింది’కి మూడు గదులు ఉన్నాయి: ఈజ్, వాజ్, హ్యాజ్ బీన్. మనవాళ్లు ‘అయింది’ని చూసి మొదటి గదిలోకి పోతారు, ఎందుకంటే బడిలో మొదట నేర్పింది ‘ఈజ్’.

ఏ గదిలోకి పోవాలో తెలియాలంటే తెలుగు వాక్యంలో ‘ఎప్పుడు?’ అని అడగండి. జవాబు వాక్యంలోనే ఉండి, అది గడిచిపోయిన సమయమైతే, అంటే నిన్న, సోమవారం, పొద్దున పదికి, 2019లో అని ఉంటే, వాజ్ ఒక్కటే. జవాబు వాక్యంలో లేకుండా వార్త చెప్పడమే పనైతే ‘హ్యాజ్ బీన్’. వార్త కూడా కాదు, తలుపు మీది బోర్డు లాగా ఇప్పుడున్న తీరు చెప్పడమే అయితే ‘ఈజ్’ సరిపోతుంది.

బైరాగిపట్టెడ

అంటే ‘హ్యాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్ యెస్టర్‌డే’ కూడా తప్పేనా? దాన్నైతే నేను పేపర్లలో కూడా చూసినట్టు గుర్తు.

అలిపిరి మెట్లు

మన దేశంలో మాటల్లో, రాతల్లో అది బాగానే కనిపిస్తుంది. అర్థం చెడదు కాబట్టి ఎవరూ ఆపరు. కానీ వ్యాకరణం చూసే ఎడిటరు దాన్ని దిద్దుతాడు. ‘హ్యాజ్’ అనేది పనిని ఇప్పటికి తెచ్చి కడుతుంది, యెస్టర్‌డే దాన్ని నిన్నటికి కట్టేస్తుంది. బయటికి పోయే లెటర్లో వాజ్ రాయండి. టుడే అయితే రెండూ చెల్లుతాయి, ఎందుకంటే ఈరోజు ఇంకా గడిచిపోలేదు.

పాత ఫైలు

నేను చిత్తూరులో ఇంజనీరింగు శాఖ ఫైళ్లు చూసి రిటైరైనాను. ‘హ్యాజ్ బీన్ గాట్ అప్రూవ్డ్’ అన్నదాన్ని అందరూ కలిసి పిల్లవాడి తప్పు మాదిరి చూస్తున్నారు. ఫైళ్లలో ‘ద వర్క్ మే బి గాట్ డన్’, ‘ద డిజైన్ మే బి గాట్ చెక్డ్’ అని నోటు రాయడం ఎప్పటినుంచో ఉండేదే. పై ఆఫీసర్లే రాసేవాళ్లు. దానికి ఒక కారణం కూడా ఉంది. ‘పని చేయించవలసినది’ అనాలి. ఎవరు చేయించాలో పేరు పెట్టకూడదు, ఎవరు చేస్తారో కూడా చెప్పకూడదు. అట్లాంటప్పుడు ఇంకెట్ల రాస్తారు?

సుద్దముక్క

సార్, మీరు చెప్పిన కారణం నూటికి నూరు పాళ్లు నిజం. తెలుగులో ‘చేయించబడింది’ అనే రూపం ఉంది, అందులో రెండు విషయాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ‘చేయించు’లో మనం ఇంకొకరి చేత చేయించామన్న మాట ఉంది, ‘బడింది’లో ఆ చేయించిన మనిషిని దాచడం ఉంది. ఇంగ్లీషులో చేయించడానికి ‘గెట్’, దాచడానికి ‘బి’. రెండూ కలిపితే ‘బీన్ గాట్ అప్రూవ్డ్’ తయారవుతుంది. కాబట్టి ఆ తప్పు అజాగ్రత్త వల్ల వచ్చింది కాదు, తెలుగు ఆలోచన ప్రకారం అది తర్కంగానే ఉంది.

అయితే ఈ అర్థంలో ‘గెట్’ను ఇంగ్లీషు వాళ్లు ప్యాసివ్ చేయరు. ‘వి గాట్ ద ఎస్టిమేట్ అప్రూవ్డ్’ అంటారు, ‘ద ఎస్టిమేట్ వాజ్ గాట్ అప్రూవ్డ్’ అనరు. మన శాఖలో ఒకరికొకరు రాసుకునే నోటులో అందరికీ తెలుసు కాబట్టి నడుస్తుంది. బయటివాళ్లకు ‘గాట్’ పక్కన ‘బై’ వచ్చేసరికి గందరగోళం. ‘గాట్ అప్రూవ్డ్ బై అవర్ సైట్ ఇంజనీర్’ అంటే ఆ ‘బై’ చేయించినవాడిదా, చేసినవాడిదా? తెలుగులో ‘ఇంజనీరు ఈఈ గారి చేత’ అని ఇద్దరికీ వేర్వేరు గుర్తులు ఉన్నాయి. ఇంగ్లీషులో అప్రూవ్డ్ పక్కన వచ్చే ‘బై’ని ఎవరైనా సంతకం పెట్టినవాడికే ఇస్తారు.

మూడు దారులు ఉన్నాయి, మీకు ఏ విషయం ముఖ్యమో దాన్ని బట్టి తీసుకోండి. తెచ్చిన మనిషి పేరు కూడా కావాలంటే ‘అవర్ సైట్ ఇంజనీర్ హ్యాజ్ గాట్ ద రివైజ్డ్ ఎస్టిమేట్ అప్రూవ్డ్ బై ద ఈఈ.’ ఇందులో ‘బై’ తర్వాత సంతకం పెట్టినవాడే ఉన్నాడు, తెచ్చినవాడు ముందుకు పోయినాడు. సంతకం ఒక్కటే ముఖ్యమైతే ‘ద రివైజ్డ్ ఎస్టిమేట్ హ్యాజ్ బీన్ అప్రూవ్డ్ బై ద ఈఈ.’ ఇంక పాత ఫైలు సార్ అడిగిన చోటు ఒకటుంది: చేయించినట్టు తెలియాలి, చేయించిన మనిషి కనపడకూడదు. దానికి ‘అప్రూవల్ హ్యాజ్ బీన్ అబ్టెయిన్డ్ ఫ్రమ్ ద ఈఈ.’ ఈ ‘అబ్టెయిన్డ్’లో మనం వెళ్లి తెచ్చుకున్నామన్నది ఉంది, ‘ఫ్రమ్’ వల్ల ఇచ్చింది ఎవరో తెలుస్తుంది. ‘చేయించబడింది’కి దీనికన్నా దగ్గరి మాట నాకు దొరకలేదు.

పాత ఫైలు

అబ్టెయిన్డ్ బాగుందమ్మా. అప్రూవల్‌కు అది సరిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ ‘ద వర్క్ మే బి గాట్ డన్’కు అది పనికిరాదు. పనిని అబ్టెయిన్ చేయలేం కదా.

సుద్దముక్క

అవును సార్, అక్కడ ‘ద వర్క్ మే బి ఎంట్రస్టెడ్ టు’ అని ఎవరికి అప్పజెప్పాలో రాయాలి. ఎవరికో ఇంకా తేలకపోతే ‘అరేంజ్‌మెంట్స్ మే బి మేడ్ టు గెట్ ద వర్క్ డన్’. కొంచెం పొడుగైన మాట నిజమే.

పాత ఫైలు

పొడుగే. నోటు షీటులో ‘మే బి గాట్ డన్’కు ఉన్న వేగం దీనికి లేదు. మీ బయటి లెటర్లకు మీ పద్ధతి, మా నోటుకు మా పద్ధతి. ఈ విషయంలో నేను మారను.

తిరుచానూరు బైపాస్

నాదీ ఇట్లాంటిదే ఒకటుంది. సెక్యూరిటీ రిపోర్టులో ‘ద ఇన్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్ యెస్టర్‌డే నైట్’ అని రాసినాను. వాజ్ పెట్టినాను, వీ త్రీ పెట్టినాను, నిన్న అని కూడా ఉంది. అయినా ఎర్ర ఇంకుతో కొట్టేసినారు. ‘ద లైసెన్స్ వాజ్ ఎక్స్‌పైర్డ్’ను కూడా కొట్టేసినారు. మీరు చెప్పిన సమయం లెక్క ప్రకారం అంతా సరిగ్గానే ఉంది కదా?

అలిపిరి మెట్లు

మీది సమయం తప్పు కాదు, వేరే చోట ఉంది. ప్యాసివ్ పుట్టాలంటే ఆ పనిని ఒకరు ఇంకొకదాని మీద చేసి ఉండాలి. అందుకని వాక్యం రాసే ముందు ‘ఎవరో దాన్ని ఏం చేశారు’ అనే అచ్చులో పోసి చూడండి. ‘ఎవరో మీటింగును పోస్ట్‌పోన్ చేశారు’, కుదిరింది. ‘ఎవరో ఎస్టిమేటును అప్రూవ్ చేశారు’, అదీ కుదిరింది. ‘ఎవరో సంఘటనను హ్యాపెన్ చేశారు’, కుదరలేదు. ‘ఎవరో లైసెన్సును ఎక్స్‌పైర్ చేశారు’, అదీ కుదరలేదు, ఎందుకంటే లైసెన్సుకు గడువు దానంతట అదే తీరుతుంది. కుదరని చోట ‘బి’ తీసేయాలి. ‘ద ఇన్సిడెంట్ హ్యాపెన్డ్ లాస్ట్ నైట్’, ‘ద లైసెన్స్ హ్యాజ్ ఎక్స్‌పైర్డ్’. యెస్టర్‌డే నైట్ అన్నా అర్థమవుతుంది, లాస్ట్ నైట్ అనడం వాడుక.

ఇక్కడ కూడా కారణం మన ‘అయింది’, ‘పడింది’. ‘వాయిదా పడింది’లో, ‘ఎక్స్‌పైర్ అయింది’లో తెలుగు రూపం ఒకే తీరుగా ఉంటుంది. ఒకదాంట్లో చేసినవాడు దాగి ఉన్నాడు, ఇంకోదాంట్లో అసలు లేడు. ఆ తేడా తెలుగు క్రియలో కనపడదు, ఇంగ్లీషులో మాత్రం కనపడి తీరాలి.

పుత్తూరు శీను

ఆ లెక్కన ‘ఇట్ ఈజ్ ఇన్‌ఫార్మ్డ్ దట్ ఆల్ స్టూడెంట్స్’ అని కాలేజీ నోటీసుల్లో రాసేది? ‘ఎవరో ఇన్‌ఫార్మ్ చేశారు’ కుదురుతుంది కదా.

సుద్దముక్క

కుదురుతుంది, కానీ ఎవరిని ఇన్‌ఫార్మ్ చేశారు? ఇన్‌ఫార్మ్ తర్వాత మనిషి రావాలి. కాబట్టి ప్యాసివ్‌లో ముందుకు వచ్చేది ఆ మనిషే: ‘ఆల్ స్టూడెంట్స్ ఆర్ ఇన్‌ఫార్మ్డ్ దట్’. అదే విధంగా ‘ఇట్ వాజ్ ఇన్‌ఫార్మ్డ్ టు అజ్’ కాదు, ‘వి వర్ ఇన్‌ఫార్మ్డ్’.

బైరాగిపట్టెడ

చాలా స్పష్టమయింది. ఇంకొకటి అడుగుతాను. మూడో వాక్యం సంగతి ఎవరూ చెప్పలేదు. మీటింగు శుక్రవారానికి మారుతుందని ఇప్పుడే తెలిసింది. దాన్ని ‘ద మీటింగ్ వాజ్ పోస్ట్‌పోన్డ్ ఆన్ ఫ్రైడే’ అని రాస్తే సరిపోతుందా?

అలిపిరి మెట్లు

ఆగండి, అది పంపితే చెన్నై నుంచి ఇంకో ప్రశ్న వస్తుంది. ‘ఆన్ ఫ్రైడే’ అంటే వాయిదా వేసే పని శుక్రవారం జరిగింది అని. మీరు చెప్పేది శుక్రవారానికి మారిందని. తెలుగులో చూడండి, ‘శుక్రవారం వాయిదా వేశారు’, ‘శుక్రవారానికి వాయిదా వేశారు’. ఆ ‘కి’ ఉన్న చోట ఇంగ్లీషులో ‘టు’ రావాలి, లేని చోట ‘ఆన్’. రెండు రోజులూ చెప్పాలంటే ‘వాజ్ పోస్ట్‌పోన్డ్ యెస్టర్‌డే టు ఫ్రైడే’ అనొచ్చు, కానీ రెండు రోజులు పక్కపక్కనే ఉంటే కన్ను తడబడుతుంది. ‘యెస్టర్‌డేస్ మీటింగ్ హ్యాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్ టు ఫ్రైడే’ అంటే ఎప్పటి మీటింగు, ఎప్పటికి మారింది అన్నది ఒకే చూపులో తెలుస్తుంది. శుక్రవారం పక్కన తేదీ కూడా వేయండి.

ఇక్కడ ‘హ్యాజ్ బీన్’ ఎట్ల వచ్చిందని శీను అడుగుతాడని ముందే చెబుతున్నాను. ‘యెస్టర్‌డేస్’ అనేది మీటింగు ఏదో చెబుతోంది, వాయిదా వేసిన సమయం చెప్పడం లేదు. అందుకే ‘ఎప్పుడు వాయిదా వేశారు?’ అన్నదానికి వాక్యంలో జవాబు లేదు.

పుత్తూరు శీను

నిజంగా అదే అడగబోతున్నా అన్నా.

సుద్దముక్క

మూడో వాక్యంలో ‘విల్ బి ఇంటిమేట్’ను వెంటనే మార్చండి. ఇంటిమేట్ అలాగే ఉంటే అది ‘సన్నిహితంగా’ అనే అర్థంలోకి పోతుంది. ఇంటిమేటెడ్ అని ఉండాలి. చివరి ‘డ్’ మనం పలికేటప్పుడు మింగేస్తాం, తెలుగులో ‘ఇంటిమేట్ చేయబడును’ అని మూల రూపాన్నే పెడతాం, అందుకే టైపు చేసేటప్పుడు కూడా అది జారిపోతుంది. ‘విల్ బి సెండ్’, ‘విల్ బి పోస్ట్‌పోన్’ కూడా ఇదే కోవ. లెటర్ అయిపోయాక ఈజ్, వాజ్, బీన్, బి అనే ఒక్కో మాట దగ్గర ఆగి, దాని పక్క క్రియ చివర చూడండి. ఇంటిమేటెడ్ మన ఆఫీసుల మాట, చెన్నైలో అర్థమవుతుంది. దేశం బయటికి పోయే మెయిలైతే ‘వి విల్ ఇన్‌ఫార్మ్ యు’ అని యాక్టివ్‌లోనే రాయండి.

కాణిపాకం రోడ్

ఆఫీసు లెటర్ అని నేను గమనించలేదు, క్షమించండి. అయితే ఒక సందేహం. ‘ద ఎస్టిమేట్ గాట్ అప్రూవ్డ్’ అని ‘బి’ లేకుండా రాస్తే? అది కూడా చాలా చోట్ల చూస్తుంటాం.

అలిపిరి మెట్లు

అది ఇంగ్లీషే. మాటల్లో, చాట్‌లో బాగుంటుంది. ‘గెట్’ అక్కడ ‘బి’ బదులుగా వచ్చింది, రెండూ కలిసి రాలేదు, అందుకే నిలబడింది. లెటర్లో నేనైతే వాడను, ‘వాజ్ అప్రూవ్డ్’ అంటాను.

తిరుచానూరు బైపాస్

మా మేనేజరు అమెరికా క్లయింట్లతో రాస్తాడు, వాళ్లు లెటర్లోనే ‘హ్యాజ్ గాటెన్ అప్రూవ్డ్’ అంటారట. మరీ అంత కట్టడి అవసరం లేదేమో.

అలిపిరి మెట్లు

అవతలివాళ్లు ఆ తీరుగా రాస్తే మీరూ రాయొచ్చు, అందులో వాదన లేదు. నా పట్టు ‘బీన్ గాట్’ దగ్గరే.

బైరాగిపట్టెడ

దిద్దిన మెయిల్ ఇది, పంపే ముందు చూడండి.

‘యెస్టర్‌డేస్ సైట్ మీటింగ్ హ్యాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్ టు ఫ్రైడే బికాజ్ ఆఫ్ రెయిన్. అవర్ సైట్ ఇంజనీర్ హ్యాజ్ గాట్ ద రివైజ్డ్ ఎస్టిమేట్ అప్రూవ్డ్ బై ద ఈఈ. వెన్ యువర్ టీమ్ రీచ్డ్ ద సైట్, ద మీటింగ్ వాజ్ ఆల్రెడీ పోస్ట్‌పోన్డ్.’

చివరిది కొత్తగా చేర్చినాను. వాళ్ల మనుషులు సైటుకు వచ్చి తిరిగి పోయినారు, దానికి వివరణ ఇవ్వాలి. కొత్త తేదీ వచ్చింది కాబట్టి ఇంటిమేటెడ్ వాక్యం తీసేసినాను.

సుద్దముక్క

మొదటి రెండూ పంపేయొచ్చు, ఫ్రైడే పక్కన తేదీ మరవకండి. మూడో దాంట్లో ‘హ్యాడ్ ఆల్రెడీ బీన్ పోస్ట్‌పోన్డ్’ అని మార్చండి. వాళ్లు చేరుకోవడం ఒక గడిచిన పని, వాయిదా వేయడం దానికన్నా ముందు గడిచిన పని. ‘వాజ్’ ఉంటే వాళ్లు వచ్చినాక వేసినట్టు కూడా చదవొచ్చు, ‘ఆల్రెడీ’ ఒక్కటే దాన్ని ఆపుతోంది. ‘హ్యాడ్’ ఉంటే ఆ సందేహమే రాదు. అయితే ఒక మాట. అది రాస్తే ‘మరి మాకు ముందే ఎందుకు చెప్పలేదు’ అని అడుగుతారు. దానికి జవాబు సిద్ధంగా ఉందా?

బైరాగిపట్టెడ

ఫోన్ చేసినాం మేడమ్, ఎత్తలేదు. ‘కాల్స్ వర్ మేడ్ టు యువర్ టీమ్ అట్ నైన్, బట్ దే వర్ నాట్ ఆన్సర్డ్’ అని చేరుస్తున్నాను. వర్ రెండు చోట్లా సరేనా?

సుద్దముక్క

రెండూ సరే. ఎన్నిసార్లు చేసినారో ఆ అంకె వేయండి, నైన్ పక్కన ఏఎం కూడా.